మోరీలో యాసిడ్ పోయడం ఆపి, జుట్టు బయటికి లాగండి

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. స్నానం చేస్తుంటే బాత్రూమ్‌లో నీళ్లు పాదాలు మునిగేదాకా నిలబడిపోతున్నాయి. ఇంట్లో అత్తగారు, నేను, ఇద్దరు ఆడపిల్లలు, అందరిదీ పొడుగు జుట్టే. వాడేది బోరు నీళ్లు. నెలకోసారి యాసిడ్ పోస్తే వారం పది రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. పోసినప్పుడల్లా చిన్నపాపకు దగ్గు వస్తోంది. మొన్న ప్లంబర్ వచ్చి ఇనుప కడ్డీతో పొడిచి ఐదు వందలు తీసుకెళ్లాడు, నాలుగు రోజులకే మళ్లీ జామ్. వాష్ బేసిన్‌లో నీళ్లు వదిలినా మోరీలో బుడబుడమంటోంది. యాసిడ్ లేకుండా మేమే శుభ్రం చేసుకునే దారి ఉందా? – ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: ఉందండి. మీరు చెప్పిన ఆ బుడబుడ శబ్దమే మంచి ఆధారం. చాలా ఫ్లాట్లలో వాష్ బేసిన్ పైపు టైల్స్ కిందుగా వచ్చి మోరీ కింద ఉండే నహాని ట్రాప్‌లోకి పక్కనుంచి కలుస్తుంది. బేసిన్ నీళ్లు అక్కడికి వచ్చాక ముందుకు పోయే దారి లేక, లోపలి గాలిని జాలీలోంచి పైకి తోస్తున్నాయి. అంటే అడ్డు ఉన్నది ఆ ట్రాప్‌లోనో, దాన్ని దాటిన మొదటి వంపులోనో. చెయ్యి, ఒక తీగ అందే దూరమే.

పని మొదలుపెట్టే ముందు ఒక్కటి గమనించండి. మీ ఇంట్లో ఎవరూ నీళ్లు వాడని సమయంలో కూడా మోరీలోంచి నీళ్లు పైకి వస్తున్నాయా? అలా వస్తే పై అంతస్తుల వాళ్లు వాడిన నీళ్లు కిందికి పోలేక మీ ఇంట్లోకి ఎక్కుతున్నట్టు. అది అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్న నిలువు పైపు జామ్, మీ చేతిలో లేని పని, అసోసియేషన్‌కు చెప్పాలి. మీరు స్నానం చేసినప్పుడు మాత్రమే నీళ్లు నిలబడి, ఓ గంటకు మెల్లగా ఇంకిపోతుంటే మాత్రం సమస్య మీ ట్రాప్‌లోదే. మీ ఉత్తరం చూస్తే నాకు అలాగే అనిపిస్తోంది.

యాసిడ్ పోస్తే పది రోజులు బాగుండి మళ్లీ మొదటికి ఎందుకొస్తోందో తెలిస్తే మిగతా పని సులువవుతుంది. మీ మోరీలో రెండు వస్తువులు కలిసి ఉన్నాయి. ఒకటి జుట్టు. అది వంపు అంచుకు చుట్టుకుని వలలా నిలబడుతుంది. రెండోది సబ్బు. హైదరాబాద్ అంతా గ్రానైటు రాతి మీద ఉన్న ఊరు. ఇక్కడి బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బులోని కొవ్వు వాటితో కలిసి నీళ్లలో కరగని తెల్లటి జిడ్డుగా మారుతుంది. బకెట్ అంచున పట్టే చారలు చాలావరకు ఈ సరుకే. ఆ జిడ్డు వెళ్లి జుట్టు వలలో చిక్కుకుంటుంది. దాని మీద తలనూనె, ఒంటి మట్టి, సున్నిపిండి చేరతాయి. యాసిడ్ చేసేదల్లా ఆ తెల్లటి గారను కొంత విడగొట్టడమే. సందు ఏర్పడుతుంది, నీళ్లు పోతాయి. జుట్టు మాత్రం అక్కడే ఉంటుంది. ఆ యాసిడ్‌కు జుట్టు కరగదు. వల అలాగే ఉంది కాబట్టి పది రోజుల్లో మళ్లీ నిండుతుంది.

ఆ యాసిడ్ కరిగించేది ఇంకోటి ఉంది, టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు. అది పోతే నీళ్లు టైల్స్ కిందికి దిగి, కొన్నాళ్లకు రెండో అంతస్తు వాళ్ల సీలింగ్ మీద తేమ మరకలుగా కనిపిస్తాయి. అప్పుడయ్యే ఖర్చు, వచ్చే మాటలు వేరే చెప్పాలా? పాప దగ్గు సంగతి ఇంకా ముఖ్యం. యాసిడ్ పొగ ఊపిరితిత్తులకు మంట పుట్టిస్తుంది, మూసి ఉన్న చిన్న బాత్రూమ్‌లో మరీ ఎక్కువ. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ఉన్న క్లీనర్ గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకచోట కలవనివ్వకండి. యాసిడ్ మానేశాక కూడా పాపకు దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

ఇక పని. చివరిసారి యాసిడ్ ఎప్పుడు పోశారో గుర్తు చేసుకోండి. ట్రాప్‌లో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచే ఉంటాయి, యాసిడ్ కూడా వాటిలో ఉండిపోతుంది. పోసిన రోజు అస్సలు చెయ్యి పెట్టొద్దు. రెండు మూడు రోజులు మామూలుగా స్నానాలు జరిగాక, ముందు రెండు మూడు బకెట్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోసి పోనిచ్చి, కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మొదలుపెట్టండి. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు కావాలి. అంట్లు తోమేందుకు అమ్మేవి చాలు, కానీ ఆ జత ఇక ఈ పనికే ఉంచండి. పాత టూత్ బ్రష్, పాత స్పూన్, ఒక మగ్, పాత న్యూస్ పేపర్, ఫోన్ టార్చి, ఒక తీగ దగ్గర పెట్టుకోండి. తీగకు బట్టల ఇనుప హ్యాంగర్‌ను కటింగ్ ప్లేయర్‌తో తెంపి సాపు చేసుకుంటే సరిపోతుంది. కొసను అర అంగుళం మేర వెనక్కి మడిచి చిన్న కొక్కెంలా చేయండి. కొస సూదిగా బయటికి ఉండకూడదు, లేకపోతే పైపును గీరుతుంది. రెండు పక్కలా ముళ్లున్న పొడవాటి ప్లాస్టిక్ పట్టీలు కూడా హార్డ్‌వేర్ షాపుల్లో చవకగా దొరుకుతాయి. అవి తీగ కంటే బాగా పనిచేస్తాయి, జుట్టు ఆ ముళ్లకు పట్టుకుంటుంది.

నీళ్లు నిలబడి ఉంటే మగ్‌తో బకెట్‌లోకి తోడేయండి. తర్వాత జాలీ తీయాలి. కొన్ని జాలీలు ఊరికే చట్రంలో కూర్చుని ఉంటాయి, స్పూన్ కొసతో లేపితే వచ్చేస్తాయి. కొన్ని కాస్త తిప్పితే ఊడతాయి, కొన్నింటికి స్క్రూ ఉంటుంది. మీది యాసిడ్‌కు, ఉప్పు నీళ్లకు బిగిసిపోయి ఉండొచ్చు. అలా ఉంటే పాత గుడ్డను తెల్ల వెనిగర్‌లో తడిపి జాలీ అంచు చుట్టూ పరిచి అరగంట ఉంచండి. తర్వాత చెక్క పిడితో చుట్టూ మెల్లగా తట్టి లేపండి. సుత్తితో కొట్టొద్దు, టైల్ పగులుతుంది. చుట్టూ వైట్ సిమెంట్ పెట్టి పూర్తిగా పాతేసిన జాలీ అయితే మీరు పెకలించకండి, ఆ ఒక్క పనికి ప్లంబర్‌ను పిలిచి, ఊడదీసి పెట్టుకునే జాలీ వేయించుకోండి. ఒక్కసారి ఆ ఖర్చు పెడితే తర్వాత ఎన్నేళ్లయినా శుభ్రం మీ చేతిలోనే ఉంటుంది.

జాలీ కింద రెండు రకాల ట్రాప్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. బొద్దింకలు రాకుండా పెట్టే రకంలో మధ్యలో ఒక చిన్న గొట్టం పైకి లేచి ఉంటుంది, దాని మీద గిన్నె బోర్లించినట్టు ఒక మూత ఉంటుంది. నీళ్లు ఆ మూత అంచు కిందినుంచి దూరి, గొట్టం పైఅంచు మీదుగా దిగాలి. సందు చాలా ఇరుకు. అందుకే నాలుగు తలల జుట్టు రాలే ఇంట్లో ఈ రకం తొందరగా జామ్ అవుతుంది. రెండో రకం మామూలు నహాని ట్రాప్. నాలుగైదు అంగుళాల లోతున్న గుంత, దాని కింద వంపు. పక్క గోడలో ఒక రంధ్రం కనిపిస్తే అదే బేసిన్ నీళ్లు వచ్చే దారి.

మూత రకమైతే మూతను పైకి లాగి తీసి, లోపలి అంచు చూడండి. మొన్నీమధ్య మల్కాజిగిరిలో మా చెల్లెలి ఇంట్లో మూత తీసినప్పుడు గొట్టం అంచు అసలు కనిపించలేదు. బూడిద రంగు జిగురు ముద్దలా ఉంది. వేలితో పక్కకు తోస్తే లోపల నల్లగా జుట్టు. కొసను వేళ్లకు చుట్టుకుని మెల్లగా లాగితే తడిసిన జడలా బయటికి వచ్చింది, జానెడు పైనే. దాని మధ్యలో రెండు హెయిర్ పిన్నులు, ఒక షాంపూ ప్యాకెట్ మూల, కుంకుడుకాయ పొట్టు. అది బయటికి వచ్చిన మరుక్షణం మిగిలిన నీళ్లు గుటగుటమంటూ దిగిపోయాయి.

ఇక్కడ తొందర పనికిరాదు. జుట్టును ఒక్కసారిగా గుంజితే మధ్యలో తెగి సగం వంపులో ఉండిపోతుంది. చేతికి దొరికిన కొసను పట్టుకుని కాస్త మెలిపెడుతూ, ఆగుతూ లాగండి. చెయ్యి అందని చోటికి తీగ పంపించండి. తీగను పొడవకండి. మెల్లగా దింపి, వంపు తగిలిన చోట వేళ్ల మధ్య మూడు నాలుగు సార్లు తిప్పండి, కొక్కేనికి జుట్టు చుట్టుకుంటుంది. అప్పుడు బయటికి తీసి, పేపర్ మీద తుడిచి, మళ్లీ పంపండి. ఉత్తి తీగ వచ్చేదాకా ఇలాగే చేయండి. పక్క రంధ్రంలోకి కూడా ఓసారి పంపించండి, పళ్లు తోముకునేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు రాలిన జుట్టు అక్కడ ఉంటుంది. మీ ప్లంబర్ పని నాలుగు రోజులకే ఎందుకు చెడిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కడ్డీతో పొడిస్తే ముద్దకు చిల్లు పడుతుంది, లేదా ముద్ద ఇంకాస్త లోపలికి జరుగుతుంది. పైగా గట్టిగా పొడిస్తే పీవీసీ వంపు దగ్గర జాయింట్ కదిలే ప్రమాదం ఉంది. తీసిన జుట్టంతా పేపర్‌లో చుట్టి చెత్త ఆటోలో వేయండి. కమోడ్‌లో వేసి ఫ్లష్ చేయొద్దు, అక్కడ ఇంకో జామ్ తయారవుతుంది.

జుట్టు పోయాక గోడలకు అంటిన జిడ్డు మిగులుతుంది. దాన్ని ముందు స్పూన్‌తో గీకి బయటికి తీసి, తర్వాత బ్రష్‌తో రుద్దండి. గీకకుండా నీళ్లు పోస్తే అదంతా లోపలికి పోయి కింద గడ్డకడుతుంది. ఆ తర్వాత రెండు స్పూన్ల అంట్లు తోమే లిక్విడ్ వేసి, అర బకెట్ వేడి నీళ్లు పోయండి. వేడి అంటే గీజర్‌లోంచి వచ్చి చెయ్యి ఓర్చుకునేంత. పొయ్యి మీద సలసల మరిగిన నీళ్లు పోయమని చాలామంది చెబుతారు, వద్దు. ఆ వేడికి పీవీసీ మెత్తబడుతుంది, అతికిన జాయింట్లు వదులవుతాయి. జిడ్డు బాగా మొండిగా ఉంటే గ్లౌజులు తీయకుండానే ఒక మగ్ వేడి నీళ్లలో రెండు స్పూన్ల బట్టల సోడా కలిపి పోసి, పావుగంట ఆగి, మళ్లీ బ్రష్ చేసి నీళ్లు పోయండి.

వంట సోడా, వెనిగర్ కలిపి పోస్తే అంతా శుభ్రమవుతుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నురగ బాగా వస్తుంది, చూడటానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. చివరికి మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లు, గ్యాస్. జుట్టును అది కదిలించలేదు. వెనిగర్‌ను జాలీ మీది తెల్ల గార వదిలించడానికి విడిగా వాడండి, అక్కడ నిజంగా పనిచేస్తుంది.

మూత తిరిగి పెట్టే ముందే పరీక్ష చేయండి. అర బకెట్ నీళ్లు ఒకే ధారగా మోరీలో పోయండి. నీళ్లు సుడి తిరుగుతూ దిగి, మీరు బకెట్ కింద పెట్టేలోపు ట్రాప్‌లో ఉండాల్సిన మట్టానికి వచ్చేయాలి. తర్వాత బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదలండి. బుడబుడ లేకపోతే పని అయినట్టే. ఇంకా మెల్లగా పోతుంటే రబ్బరు ప్లంజర్ వాడండి. అయితే ముందు బేసిన్ రంధ్రాన్ని, బేసిన్ పైఅంచు దగ్గరుండే చిన్న రంధ్రాన్ని తడి గుడ్డలతో గట్టిగా మూయాలి. లేకపోతే మీరు కొట్టే గాలి అంతా అటునుంచి పోతుంది, మోరీలో ఏమీ కదలదు. ప్లంజర్ కప్పు మునిగేంత నీళ్లుంచి పది పదిహేను సార్లు నొక్కి లాగండి. ప్లంజర్‌కు బలం లాగేటప్పుడే ఉంటుంది, కాబట్టి చివరి లాగుడు గట్టిగా ఉండాలి. పైకి వచ్చిన జుట్టును మళ్లీ లోపలికి పోనీయకుండా చేత్తో తీసేయండి. యాసిడ్ గానీ డ్రెయిన్ పౌడర్ గానీ పోసి ఉన్న మోరీలో మాత్రం ప్లంజర్ కొట్టకండి, ఆ నీళ్లు ముఖాన చిందుతాయి.

నీళ్లు బాగా పోతున్నాయని కొందరు ఆ మూతను ఇక పెట్టనే పెట్టరు. దయచేసి అలా చేయకండి. మూత ఉన్న రకంలో దాని కింద నిలిచే నీళ్లే కింది పైపులోని కంపును, బొద్దింకలను ఆపుతాయి. మూత తీసేస్తే ఆ నీటి అడ్డు పోయి, రెండు రోజుల్లో బాత్రూమ్ అంతా మురికి కాలువ వాసన వస్తుంది. మూత అంచు విరిగి ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లి అదే సైజుది కొనండి. ఊరెళ్లి చాలా రోజుల తర్వాత తిరిగొచ్చినప్పుడు వచ్చే వాసనకూ ఇదే కారణం, ఆ నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి. రెండు మగ్గుల నీళ్లు పోస్తే సరిపోతుంది.

మళ్లీ నిండకుండా చూసుకోవడానికి మీ ఇంట్లో నాకు రెండే మార్గాలు కనిపిస్తున్నాయి. మొదటిది, తలస్నానానికి ముందు అందరూ బయట గదిలో జుట్టు విడదీసి దువ్వుకుని వెళ్లడం. రాలే జుట్టులో చాలా భాగం దువ్వెనలోనే ఆగిపోతుంది. రెండోది, జాలీ మీద సన్న రంధ్రాల సిలికాన్ జాలీ ఒకటి పెట్టి, తలస్నానం అయిన ప్రతి ఒక్కరూ బయటికి వచ్చే ముందు దాని మీది జుట్టును తీసి చెత్తబుట్టలో వేయడం. తడి జుట్టు అప్పుడే సులువుగా వస్తుంది, ఎండాక అతుక్కుపోతుంది. అత్తగారు కుంకుడుకాయ వాడుతుంటే రసాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి ఇవ్వండి, ఆ పొట్టు జుట్టు వలలో చిక్కితే ఒక పట్టాన రాదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో మోరీ ఇంకా తొందరగా బిగుస్తుంది. ఆ రెండు నెలలు పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి మూత తీసి చూడండి. నెల రోజుల ముద్ద అయితే వేళ్లతోనే వచ్చేస్తుంది, ఐదు నిమిషాల పని. ఈ పని పనిమనిషికి చెప్పేటట్టయితే ఆమెకూ గ్లౌజులు ఇవ్వండి, మోరీలో యాసిడ్ పోసి ఉన్న రోజున మాత్రం ఎవరి చేతా చేయించకండి.

ఇంత చేసినా నీళ్లు పోకపోతే తీగ ఏం చెబుతోందో చూడండి. మెత్తగా తగిలి జుట్టు అంటుకుని వస్తుంటే ముద్ద ఇంకా లోపల ఉంది, ఇంకో విడత ఓపిక పట్టాలి. టక్కున రాయిలా తగిలి, కొసకు బూడిద రంగు ఇసుక అంటుకుని వస్తే అది టైల్స్ వేసినప్పుడు జారిపడి గట్టిపడిన సిమెంటు కావచ్చు. కొత్త ఫ్లాట్లలో ఇది మామూలే. అది చేత్తో వచ్చేది కాదు. తీగ వంపు దాటి హాయిగా వెళ్లిపోతున్నా నీళ్లు నిలబడుతుంటే అడ్డు ఇంకా ముందుకు, పైపు నిలువు పైపులో కలిసే చోట ఉంది. ఈ రెంటికీ తిరిగే స్ప్రింగ్ వైరు ఉన్న ప్లంబర్‌ను పిలవండి. వచ్చే ముందే ఫోన్‌లో అడగండి, స్ప్రింగ్ ఉందా లేక కడ్డీయేనా అని. కడ్డీ అంటే వద్దనేయండి. ఆ లోపు కింది ఇంటి వాళ్లను ఒకసారి వాళ్ల బాత్రూమ్ సీలింగ్ చూడమనండి. తేమ గానీ చుక్కలు గానీ కనిపిస్తే ఆ మోరీలో నీళ్లు వాడటం ఆపేసి, రెండో బాత్రూమ్ వాడుకోండి, ప్లంబర్‌కు ముందు ఆ సంగతే చెప్పండి.